సద్దుల బతుకమ్మ చీరల సేల్: "ఏడిదాక వచ్చింది?" మెసేజ్‌లు ఎందుకు ఆగవు

సమస్య: పండగ నాలుగు రోజులుందనగా హన్మకొండ చీరల షాపు వాట్సాప్ నిండా ఒకటే ప్రశ్న: "అన్నా, నా చీర ఏడిదాక వచ్చింది?" ట్రాకింగ్ చూస్తే పార్సిల్ చెప్పిన రోజుకే చేరేలా ఉంటుంది. అయినా కోపం తగ్గదు. చీర అందాక కూడా వాపస్ తీసుకోమంటారు.

కారణం: ఆర్డర్లకు లాస్ట్ డేట్ మనం కొరియర్‌ను చూసి పెడతాం, చీర కొనే ఆమె టైలర్‌ను చూసి లెక్కేసుకుంటుంది. చీరకు ఫాల్, పికో కావాలి, బ్లౌజ్ కుట్టాలి. బతుకమ్మ మొదలయ్యేసరికి టైలర్లు కొత్త బట్ట ముట్టుకోరు. అందుకే ఎంగిలిపూల రోజున సేల్ తెరిస్తే కుట్టించుకునేవాళ్లకు అప్పటికే ఆలస్యం.

పరిష్కారం: పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. 2025లో సద్దులు సెప్టెంబర్ 30, మంగళవారం. కుట్టడానికి పది రోజులు వదిలితే చీర 20వ తేదీ శనివారానికి చేతిలో ఉండాలి. ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్లకు ఐదు రోజులు పట్టొచ్చనుకుంటే 15న పార్సిల్ కదలాలి. అంటే ఆర్డర్లు 14 రాత్రి వరకే. ఆదివారం కొరియర్ కదలదని లెక్కేసుకోండి.

రెడీమేడ్ బ్లౌజ్‌తో కట్టుకునేవాళ్లకు ఇంకో తేదీ ఇవ్వొచ్చు: 27కల్లా చేరాలి కాబట్టి 21 రాత్రి వరకు. ఆ తర్వాత ఊళ్లకు ఆఫర్ ఆపేసి, హన్మకొండ, కాజీపేటలో మన పిల్లగాడే బండి మీద ఇచ్చొచ్చే ఆర్డర్లు మాత్రం తీసుకోండి. చివరి వారంలో డిస్కౌంట్ పెంచాలని చేయి దురద పెడుతుంది. కానీ లేటుగా అందిన క్యాష్ ఆన్ డెలివరీ చీరను వద్దంటే రానుపోను ఖర్చు మనదే.

సమస్య: డబ్బు కట్టించుకున్నాక "ఆ రంగు లేదమ్మా" అని చెప్పాల్సి వస్తోంది.

కారణం: స్టేటస్‌లో పెట్టిన చిలకపచ్చ చీరనే కౌంటర్‌లో కూడా అమ్మేశారు. స్టాక్‌ను డిజైన్ లెక్కన రాశారు, రంగు లెక్కన రాయలేదు. డిజైన్‌లో ఇరవై ఉన్నాయని పుస్తకం చెబుతుంది, అందులో చిలకపచ్చవి రెండే.

పరిష్కారం: ఆన్‌లైన్‌కు వేరే ర్యాక్. అందులోంచి కౌంటర్‌కు ఒక్క చీర కూడా తీయొద్దు. రంగు అయిపోగానే ఫొటో తీసేయాలి.

ఇక మెసేజ్‌ల భారం. పోయిన పండగ చివరి మూడు రోజుల చాట్లు తిరగేస్తే ఎక్కువ భాగం "ఎప్పుడొస్తది" అన్నవే కనిపిస్తాయి. పార్సిల్ కదిలిన సాయంత్రమే ట్రాకింగ్ నంబర్‌తో పాటు "శనివారంలోపు అందుతుంది" అని మనమే పంపితే వాటిలో చాలావరకు రావు. మిగిలినవాటికి షాపులో అమ్మే మనిషి కాకుండా ఫోన్ కోసమే ఒకరుండాలి. బ్లౌజ్ కొలతలు, వాపస్ సంగతులు ఆ మనిషికి ముందే రాసివ్వండి.