పాలు పడలేదా, చేపలేదా, పట్టు కుదరలేదా? బాలింతల పాల సమస్యలు - కారణాలు, పరిష్కారాలు

ప్రసవమైన మూడో రోజో నాలుగో రోజో బాలింతలు నాతో ఎక్కువగా చెప్పే మాట ఒకటే. "పాలు పడలేదమ్మా, బిడ్డకి చాలట్లేదు." ఆ మాట వినగానే నేను మూడు విషయాలు విడివిడిగా చూస్తాను. పాలు ఊరడం ఒకటి. ఊరిన పాలు చేపుకు రావడం ఇంకొకటి. చేపిన పాలు బిడ్డ కడుపులోకి వెళ్లడం మూడోది. ఇంట్లో పాడి ఉన్నవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. పొదుగు ఎంత నిండుగా ఉన్నా, దూడ మూతి పెట్టేదాకా గేదె చేపదు. మనుషుల్లోనూ ఊరడానికి ఒక హార్మోన్, చేపడానికి మరో హార్మోన్ ఉన్నాయి. సమస్య ఎక్కడుందో తెలియకుండా డబ్బా పాలు మొదలుపెడితే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

సమస్య: రెండు రోజులైనా పాలు పడలేదు

కారణం: చాలాసార్లు ఇది సమస్యే కాదు. గర్భం సగం నెలలు దాటేసరికే రొమ్ములో ముర్రుపాలు తయారవుతుంటాయి. కానీ మాయ నుంచి వచ్చే ప్రొజెస్టెరాన్ పాలు ఎక్కువగా ఊరకుండా ఆపి ఉంచుతుంది. మాయ బయటపడ్డాక ఆ హార్మోన్ పడిపోతుంది, అప్పుడు పాలు ఊరించే ప్రొలాక్టిన్ పని మొదలవుతుంది. రొమ్ములు బరువెక్కి పాలు పడినట్టు తల్లికి తెలిసేది సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య. తొలి కాన్పులో, సిజేరియన్ తర్వాత, షుగర్ ఉన్నవాళ్లలో ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈలోగా బిడ్డకు ముర్రుపాలే ఆహారం. మొదటి రోజు ఒక్కోసారికి 2 నుంచి 10 మిల్లీలీటర్లే వస్తాయి, అంటే చెంచాడో రెండు చెంచాలో. బిడ్డ కడుపుకు అప్పుడు పట్టేదీ అంతే.

పరిష్కారం: బిడ్డను తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టించాలి. బిడ్డ చప్పరించిన ప్రతిసారీ ప్రొలాక్టిన్ పెరుగుతుంది. అది రాత్రిపూట ఇంకా ఎక్కువగా ఉంటుంది కాబట్టి, తల్లి నిద్రపోవాలని రాత్రి పాలివ్వడం మానిపించడం మంచిది కాదు. బిడ్డ పట్టకపోతే రెండు మూడు గంటలకోసారి చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి. పాలు పడ్డాక లెక్క మారుతుంది. అప్పటినుంచి ఎంత ఖాళీ అయితే అంత ఊరుతుంది, రొమ్ములో పాలు నిలిచిపోతే ఊరడం తగ్గుతుంది. "పాలు చాలవు" అని డబ్బా పాలు పట్టినప్పుడు నిజంగానే పాలు తగ్గేది ఇలాగే.

ఐదో రోజు దాటినా రొమ్ముల్లో ఏ మార్పూ లేకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. మాయ ముక్క లోపల మిగిలిపోయినా, కాన్పులో రక్తం బాగా పోయినా, థైరాయిడ్ తక్కువగా ఉన్నా పాలు పడకపోవచ్చు.

సమస్య: రొమ్ము నిండుగా ఉంది, కానీ బిడ్డ చప్పరించి చప్పరించి ఏడుస్తోంది

కారణం: పాలు ఊరాయి, చేపలేదు. పాలు ఊరే చిన్న సంచుల చుట్టూ సన్నని కండరకణాలు అల్లుకుని ఉంటాయి. ఆక్సిటోసిన్ అందితే అవి బిగుసుకుని పాలను నాళాల్లోకి నెడతాయి. బిడ్డ వాసన, ఏడుపు, స్పర్శ, ఒక్కోసారి బిడ్డ తలపు వచ్చినా చాలు, ఈ హార్మోన్ విడుదలవుతుంది. కుట్ల నొప్పి, టెన్షన్, చుట్టూ నలుగురు నిలబడి "వస్తున్నాయా?" అని అడగడం దాన్ని అడ్డుకుంటాయి.

పరిష్కారం: ముందు నొప్పి తగ్గించాలి. పాలిచ్చే తల్లులకు సరిపడే మాత్రలున్నాయి, డాక్టరును అడగండి, ఓర్చుకోవద్దు. గదిలోంచి జనాన్ని పంపించి, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ రొమ్ము మీద రెండు నిమిషాలు ఉంచి, తల్లి వీపును మెడ దగ్గర నుంచి కిందికి వెన్నెముకకు రెండు పక్కలా రుద్దండి. చేపు వచ్చిందని తెలిసేది ఇలా: రెండో రొమ్ములోంచి పాలు కారతాయి, రొమ్ములో జలజలలాడినట్టు ఉంటుంది, మొదటి రోజుల్లో పొత్తికడుపులో నొప్పి వస్తుంది. ఆ నొప్పికి చాలామంది భయపడతారు. గర్భసంచి ముడుచుకునేది కూడా ఆక్సిటోసిన్ వల్లే కాబట్టి అది మంచి గుర్తు. బిడ్డ చప్పరింపు కూడా మారుతుంది, గబగబా చప్పరించేది కాస్తా నెమ్మదిగా, లోతుగా, మింగుతూ తాగుతుంది.

సమస్య: చనుమొన పగిలింది, బిడ్డ గంటసేపు తాగినా బరువు తగ్గుతోంది

నేను ఎక్కువగా చూసేది దీన్నే. ఒక తొలిచూలు బాలింత, సిజేరియన్ అయిన నాలుగో రోజు. బిడ్డ పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఆ రోజుకు 2.63. అంటే తొమ్మిది శాతం పైగా తగ్గింది. మూడుసార్లే ఒంటికి పోశాడు, దొడ్డి ఇంకా నల్లగానే ఉంది. రొమ్ములు మాత్రం నిండుగా, బరువుగా ఉన్నాయి. అంటే పాలు పడ్డాయి. పాలు తాగి వదిలిన చనుమొన చూస్తే కొత్త లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంది. పట్టు కుదరలేదని చెప్పడానికి అదే పెద్ద గుర్తు.

కారణం: బిడ్డ చనుమొన ఒక్కటే నోట పట్టుకున్నాడు. అప్పుడది గట్టి అంగిలికి నాలుకకు మధ్య నలిగి పగులుతుంది, పాలు సరిగా రావు. చనుమొనతోపాటు కింది నల్లటి వలయం కూడా నోట్లోకి బాగా వెళ్తే, మొన అంగిలి మెత్తబడే చోటిదాకా చేరుతుంది. అక్కడ దానికి ఒత్తిడి ఉండదు.

పరిష్కారం: కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను తల్లి చంక కింద పట్టుకునేలా దిండు సర్దాను. చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉంచి, ముక్కు చనుమొనకు ఎదురుగా వచ్చేలా పెట్టాం. మొనతో పైపెదవి తాకిస్తే నోరు ఆవులించినట్టు తెరిచాడు. అప్పుడు గడ్డం ముందు తగిలేలా బిడ్డనే రొమ్ముకు దగ్గరగా తెచ్చాం. రొమ్మును బిడ్డ దగ్గరికి వంచితే పట్టు జారుతుంది. తల వెనక నొక్కితే బిడ్డ వెనక్కి విరుచుకుంటాడు, చేయి మెడ కింద, భుజాల దగ్గర ఉండాలి.

పట్టు సరిగా ఉంటే నాలుగు గుర్తులు కనిపిస్తాయి: నోరు బాగా తెరుచుకుని ఉంటుంది, కింది పెదవి బయటికి మడిచినట్టు ఉంటుంది, గడ్డం రొమ్ముకు ఆని ఉంటుంది, నల్లటి వలయం కిందికన్నా పైన ఎక్కువ కనిపిస్తుంది. బుగ్గలు లోపలికి గుంటలు పడకూడదు, టక్ టక్‌మని చప్పుడు రాకూడదు. మొదట కొద్దిసేపు లాగినట్టు ఉండొచ్చు కానీ, నొప్పి అలాగే కొనసాగితే చిటికెనవేలు బిడ్డ నోటి మూలలో పెట్టి పట్టు వదిలించి మళ్లీ మొదలుపెట్టండి. ఆ అమ్మాయికి మూడోసారికి కుదిరింది.

పిల్లల డాక్టరు చూశాక, పాలు తాగిన ప్రతిసారీ మిగిలినవి పిండి ఉగ్గుగిన్నెతో పట్టించాం. ఐదో రోజు 2.64, ఎనిమిదో రోజు 2.74, పదమూడో రోజు 2.91 కిలోలు. డబ్బా అవసరం రాలేదు.

సమస్య: రొమ్ము రాయిలా గట్టిపడి బిడ్డ నోటికి అందట్లేదు

పాలతో పాటు నీరు చేరి వలయం బిగుసుకుపోతుంది. మొన చుట్టూ వేళ్లు ఆనించి ఒక నిమిషం మెల్లగా లోపలికి నొక్కి, కొద్దిగా పిండి మెత్తబడ్డాక పట్టించండి. తర్వాత చల్లటి గుడ్డ వేయండి.

ఇంట్లో ఆగకూడని సందర్భాలు

ఐదో రోజు నుంచి బిడ్డ రోజుకు ఆరుసార్లకన్నా తక్కువ ఒంటికి పోసినా, దొడ్డి పసుపు రంగులోకి మారకపోయినా, బరువు పది శాతానికి మించి తగ్గినా, లేపినా లేవకుండా మగతగా ఉండి పాలు తాగకపోయినా, ఒళ్లు పచ్చబడుతున్నా అదే రోజు డాక్టరుకు చూపించండి. తల్లికి రొమ్ము ఒకచోట ఎర్రబడి చలిజ్వరం వస్తే తనూ వెంటనే చూపించుకోవాలి. అప్పుడు కూడా ఆ రొమ్ము పాలు ఆపనక్కర్లేదు, బిడ్డకు పట్టించవచ్చు.