ట్రేడ్ చేయకుండా ఉంటే ఎన్ని బిట్‌కాయిన్లు ఉండేవి? ముందే పెట్టుకోవాల్సిన లెక్క

2023 మొదట్లో బిట్‌కాయిన్ ధర సుమారు 16,500 డాలర్లు. ఆ ఏడాది చివరికి సుమారు 42,000. ఆ సంవత్సరమంతా ట్రేడింగ్ చేసి 75 శాతం లాభం చూపించిన ఒక ఖాతా ఉందనుకుందాం. ఎక్స్ఛేంజ్ తెర మీద అంతా పచ్చగానే కనిపిస్తుంది, అది తప్పు లెక్కేమీ కాదు. కానీ ఆ డబ్బుతో బిట్‌కాయిన్ కొని ముట్టుకోకుండా వదిలేసి ఉంటే అంతకన్నా ఎక్కువే చేతిలో ఉండేది. ధరలు ఊపందుకున్నప్పుడు ట్రేడింగ్‌లోకి దిగేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియనే తెలియదు, ఎందుకంటే ఎక్స్ఛేంజ్ ఆ పోలిక చూపించదు. దాన్ని మనమే పెట్టుకోవాలి, అదీ మొదటి ట్రేడ్‌కి ముందే. తర్వాత పెడదాంలే అనుకుంటే, మనకు నచ్చే తేదీ నుంచి మొదలుపెట్టి మనల్ని మనమే మోసం చేసుకుంటాం.

ఉత్తుత్తి ఖాతా తెరవండి

స్ప్రెడ్‌షీట్‌లో ఒక ఉత్తుత్తి ఖాతా పెట్టండి. అసలు ఖాతాలోకి మీరు డబ్బు వేసిన ప్రతిసారీ, ఇందులో అదే రోజు ధరకు బిట్‌కాయిన్ కొన్నట్టు రాసుకోవాలి. బయటికి తీసిన ప్రతిసారీ అంత విలువ అమ్మినట్టు రాయాలి. అంతకు మించి ఇందులో ఏ పనీ ఉండదు. మూడు గళ్లు చాలు: A లో తేదీ, B లో డాలర్లు (తీస్తే మైనస్), C లో ఆ రోజు ధర. నాలుగో గడి D లో ఈ ఫార్ములా వేసి, ప్రతి వరుసకీ కిందికి లాగండి:

```
=B2/C2
```

ఆ గడి మొత్తాన్ని కూడితే, ట్రేడ్ చేయకపోతే మీ దగ్గర ఉండాల్సిన బిట్‌కాయిన్ వస్తుంది. కొనుగోలు ఫీజు ఇక్కడా ఒకసారి తీసేస్తే పోలిక ఇంకా న్యాయంగా ఉంటుంది.

మొదట చెప్పిన ఖాతానే ఇందులో పెట్టి చూద్దాం. ఏడాది మొదట్లో 16,500 ధర దగ్గర 6,600 డాలర్లు వేశారు, అంటే 0.4 బిట్‌కాయిన్. జూన్ చివర్లో ధర 30,000 ప్రాంతంలో ఉన్నప్పుడు ఇంకో 3,000 వేశారు, అది 0.1. ఉత్తుత్తి ఖాతాలో మొత్తం 0.5. ఏడాది చివర 42,000 ధరకు దాని విలువ 21,000 డాలర్లు. అసలు ఖాతాలో 16,800 ఉన్నాయి. వేసింది 9,600 కాబట్టి లాభం 7,200, సరిగ్గా 75 శాతం. కానీ 16,800ను 42,000తో భాగిస్తే వచ్చేది 0.4 మాత్రమే. ఏడాది శ్రమకు 0.1 బిట్‌కాయిన్, అంటే 4,200 డాలర్లు తగ్గింది.

ఇక్కడ ఇంకో పొరపాటుకు అవకాశం ఉంది. ఆ ఏడాది ధర 155 శాతం పెరిగింది కదా అని, దాన్ని 75తో పోల్చడం కూడా తప్పే. రెండో విడత డబ్బు 30,000 దగ్గర వచ్చింది, దానికి ముందు జరిగిన పెరుగుదల అందదు. ఈ డబ్బు ఈ తేదీల్లో పడితే ఊరికే ఉంచుకున్నందుకు వచ్చేది సుమారు 119 శాతం. పోల్చాల్సింది దానితోనే. ఓడినా, ఎంత ఓడామో సరిగ్గా తెలియాలి.

అసలు ఖాతా విలువను పెంచి చూపించేవి

ఎక్స్ఛేంజ్‌లో కనిపించే లాభనష్టాల పేజీని నమ్ముకోవద్దు. చాలాచోట్ల అది మూసేసిన ట్రేడ్లను మాత్రమే లెక్కిస్తుంది. లాభంలో ఉన్నవి టకటకా అమ్మేసి, నష్టంలో ఉన్నవి "ఎప్పటికైనా లేస్తుంది" అని పట్టుకుని కూర్చునేవారికి ఆ పేజీ ఎప్పుడూ తియ్యగానే కనిపిస్తుంది. నెలాఖరున ఒకే సమయానికి, తెరిచి ఉన్న పొజిషన్లతో సహా అన్నీ ఆ క్షణం అమ్మితే ఎంత వస్తుందో అదే రాయండి. కొనేవాళ్లు పెద్దగా లేని చిన్న కాయిన్లయితే తెర మీద చూపించే ధరకు అన్నీ అమ్ముడుపోవు, కాబట్టి తగ్గించి వేసుకోండి. బోనస్, రిఫరల్ డబ్బులు ట్రేడింగ్ లాభం కావు. అవి వచ్చిన రోజు కొత్తగా డబ్బు వేసినట్టే రెండు ఖాతాల్లోనూ రాయండి.

ఫీజుల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఒక వైపు 0.1 శాతం అంటే ఎవరికీ టెన్షన్ రాదు. కొనడం, అమ్మడం కలిపి 0.2. మొత్తం డబ్బుతో నెలకు 20 సార్లు అలా తిరిగితే ఆరు నెలల్లో 120 సార్లు. ప్రతిసారీ 0.998తో గుణించుకుంటూ పోతే చివరికి మిగిలేది దాదాపు 79 శాతం. ఒక్క ట్రేడ్ కూడా తప్పు కాకపోయినా, ఒప్పూ కాకపోయినా, 21 శాతం ఫీజులకే పోతుంది. గడువు తేదీ లేని ఫ్యూచర్స్, అంటే పర్‌పెచ్యువల్ ఫ్యూచర్స్ అయితే, కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య చేతులు మారే ఫండింగ్ ఫీజు అదనం, ఎన్నో ఎక్స్ఛేంజ్‌లలో ఎనిమిది గంటలకోసారి. ఇది మీ పొజిషన్‌ను బట్టి ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి పోతుంది. ఖాతా మొత్తం విలువ రాస్తే ఇవన్నీ వాటంతటవే అందులో కలుస్తాయి.

పన్ను అలా కలవదు. చాలా దేశాల్లో ప్రతి అమ్మకానికీ పన్ను లెక్క ఉంటుంది, ఉంచుకున్నవారికి అది అమ్మే రోజు దాకా రాదు. రెండు ఖాతాలనూ ఈ రోజు అమ్మేసి, పన్ను కట్టేశాక ఎంత మిగులుతుందో చూడటమే సరైన పోలిక.

గెలిచినట్టు కనిపించినా అనుమానించాల్సిన చోటు

2022లో బిట్‌కాయిన్ సుమారు 64 శాతం పడింది. సగం డబ్బు డాలర్లలో వదిలేసి, సగంతో బిట్‌కాయిన్ కొని ఏడాదంతా పట్టించుకోనివారికి పోయింది 32 శాతమే. వాళ్లు ఒక్క ట్రేడ్ కూడా చేయలేదు, అయినా పైన చెప్పిన లెక్కలో ఉత్తుత్తి ఖాతాను గెలిచేస్తారు. కాబట్టి పడే మార్కెట్‌లో గెలిచామంటే, అది ట్రేడింగ్ వల్లా లేక డబ్బు చాలాకాలం డాలర్ ధరకు కట్టేసిన స్టేబుల్‌కాయిన్‌లో పడి ఉండటం వల్లా అని అడగాలి.

దీనికి రెండో ఉత్తుత్తి ఖాతా కావాలి. ప్రతిరోజూ మీ డబ్బులో ఎంత శాతం బిట్‌కాయిన్ ధరతో పాటు కదులుతోందో రాసుకోండి. ఆరు నెలల సగటు 50 అయితే, మొదటి రోజు సగం కొని సగం డాలర్లలో ఉంచిన ఖాతాతో పోల్చుకోండి. దాన్ని కూడా గెలిస్తేనే ఎప్పుడు లోపలికి వెళ్లాలి, ఎప్పుడు బయటికి రావాలి అన్న మీ నిర్ణయాలకు ఏదో విలువ ఉన్నట్టు. లెవరేజ్ వాడేవారికి, అంటే అప్పు తీసుకుని ఉన్నదానికన్నా ఎక్కువ పెట్టేవారికి, ఇదే తిరగబడుతుంది. సగటు 150 శాతం ఉంటే, పెరిగే మార్కెట్‌లో మామూలు హోల్డింగ్‌ను గెలవడం గొప్పేమీ కాదు, రిస్క్ ఒకటిన్నర రెట్లు మోశారు మరి.

ఆ తర్వాత ఇంకో పరీక్ష. అన్నిటికన్నా ఎక్కువ లాభం తెచ్చిన రెండు ట్రేడ్లను తీసేసి మళ్లీ కూడండి. ఆ రెండూ లేకపోతే ఉత్తుత్తి ఖాతా కంటే వెనకబడితే, మీరు గెలిచింది ఆ రెండు రోజుల మీదే. అలాంటి రోజులు మళ్లీ వస్తాయా అన్నది ఈ షీట్ చెప్పదు. ధర ఒకే దిక్కుగా నడిచిన కాలంలో కూడా ఏ తీర్పూ ఇవ్వకండి, కనీసం ఒక పెద్ద పెరుగుదల, ఒక పెద్ద పతనం చూశాకే లెక్కకు అర్థం ఉంటుంది.

ఆ లోపు పోయేది ఎంతో మాత్రం ముందే కట్టడి చేయొచ్చు. ఉన్నదంతా పెట్టకుండా పదో వంతుతో ట్రేడింగ్ ఖాతా తెరవండి, మిగతాది హోల్డింగ్‌లోనే ఉండనివ్వండి. షీట్ పైగడిలో ఆగే గీత రాయండి: "ఉత్తుత్తి ఖాతా కంటే 15 శాతం తక్కువ బిట్‌కాయిన్ ఉంటే ట్రేడింగ్ ఆపేస్తాను" అని, తేదీతో సహా. 15 బదులు మీకు నచ్చిన అంకె వేసుకోండి, కానీ నష్టంలో ఉన్న వారం దాన్ని మార్చకండి. పైన చెప్పిన ఖాతాలో ఈ గీత ఉండి ఉంటే, 0.5 ఉండాల్సిన చోట 0.425కు దిగిన రోజే ఆగిపోయేవారు.