పాత్ర గతాన్ని మొదటి అధ్యాయంలోనే కుమ్మరించకుండా నవలలో నడపడం ఎలా?

చిత్తూరులోని ఒక మామిడి మండీలో కాటా గుమాస్తాగా పనిచేసే మునిరత్నం అనే 45 ఏళ్ల మనిషి మీ నవలకు నాయకుడనుకుందాం. కథ 2019 జూన్‌లో, తోతాపురి కాయ ట్రాక్టర్లలో మండీకి వచ్చే రోజుల్లో మొదలవుతుంది. అతని వెనుక పెద్ద గతమే ఉంది. ఆ గతమంతా రచయితకు తెలిసి ఉండాలి, పాఠకుడికి మాత్రం అవసరమైనప్పుడే అందాలి. ఈ రెండింటినీ ఎలా సాధించవచ్చో మునిరత్నాన్నే ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం.

మొదట చేయవలసింది ఆ గతాన్ని నవల బయట, వేరే నోటుపుస్తకంలో, సంవత్సరాలతో సహా పూర్తిగా రాసుకోవడం. రెండు మూడు పేజీలు చాలు. మునిరత్నం పుట్టింది 1974లో. తండ్రికి చదువు రాదు, నాలుగు ఎకరాల తోట ఉంది. 2002 కరువులో తండ్రి వరుసగా మూడు బోర్లు వేయించాడు, మూడింటిలోనూ నీళ్లు పడలేదు, అప్పు మిగిలింది. మరుసటి ఏడు తోట అమ్మక తప్పదని మునిరత్నానికి అర్థమైంది కానీ తండ్రి ఒప్పుకోడని కూడా తెలుసు. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో క్రయ దస్తావేజును చేతిలో పట్టుకుని, అది కుదువ పత్రమని తండ్రికి చదివి వినిపించాడు. తండ్రి వేలిముద్ర వేశాడు. నెల తిరగకముందే కొన్నవాళ్లు చెట్లు కొట్టించారు. తమ్ముడు ఆనాటి నుంచి అన్నతో మాట్లాడడం మానేశాడు.

ఇలా రాసుకున్న తరువాత, ఈ గతం వల్ల అతని ఒంటికి, నోటికి, చేతులకు ఏ అలవాటు అంటుకుందో వెతకాలి. నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన మెట్టు ఇదే, ఎందుకంటే మొదటి అధ్యాయంలోకి తీసుకువెళ్లదగినది ఈ ఒక్కటే. "బాధ", "అపరాధభావం" వంటి మాటలు ఇక్కడ పనికిరావు. అవి మనసులో ఉండేవి, పక్కనున్నవాడికి కనిపించవు. మునిరత్నం విషయంలో దొరికే అలవాటు ఇది: కాటా చీటీ రాసిన ప్రతిసారీ, అందులో ఉన్న ప్రతి అంకెనూ రైతుకు పైకి రెండుసార్లు చదివి వినిపించనిదే అతను చీటీ చేతికివ్వడు. ఒకప్పుడు ఒక కాగితాన్ని అబద్ధంగా చదివినవాడు, ఇప్పుడు ప్రతి కాగితాన్నీ అవసరానికి మించి చదువుతున్నాడు.

ఇప్పుడు మొదటి అధ్యాయం. చాలా రాతప్రతులు ఇలా మొదలవుతాయి: "మునిరత్నం తండ్రి చదువురానివాడు. ఆయనకు నాలుగు ఎకరాల తోట ఉండేది. కరువు రోజుల్లో బోర్లు వేయించి అప్పులపాలయ్యాడు. అప్పట్లో మునిరత్నం చేసిన ఒక తప్పు అతన్ని ఇప్పటికీ వెంటాడుతోంది." ఇందులో ప్రతి వాక్యమూ నిజమే కానీ, పాఠకుడు తనంతట తాను అడగకముందే జవాబులన్నీ అతని చేతిలో పడ్డాయి. అదే సమాచారం నుంచి పుట్టిన మరో ఆరంభం చూడండి:

"నికరం మూడువేల నూట నలభై కిలోలు," అని చదివి, చీటీని మళ్లీ వెలుతురుకు తిప్పాడు మునిరత్నం. "మూడువేల నూట నలభై. విన్నావా మామా?"
"విన్నాలేప్పా, ఇంగ ఇయ్యి. ఎనక ఇరవై బండ్లు ఉండాయి."
"తరుగు ఎంత రాసినానో అది కూడా విను."

తండ్రి గురించి, తోట గురించి ఇక్కడ ఒక్క మాట లేదు. అయినా ఇతను ఇంత పట్టుదలగా ఎందుకు చదువుతున్నాడన్న ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్న పుట్టిన చోటే గతానికి గిరాకీ మొదలవుతుంది.

మిగిలిన గతాన్ని విడతలుగా ఎక్కడ పెట్టాలో ముందే గుర్తించుకోవాలి. ఇరవై అధ్యాయాల నవల అనుకుంటే, నాలుగో అధ్యాయంలో టీ కొట్టు మనిషి ఒకడు "వాళ్ల నాయనకి సదువు రాదు, ఎవురో మోసం జేసినారు, అందుకే ఈయప్ప అట్ల సదవతాడు" అని ఎవరితోనో అనవచ్చు. అది సగం నిజం. పాఠకుడు కారణం దొరికిందని తృప్తిపడతాడు, ఆ తృప్తి తరువాత చెదరవలసి ఉంది. తొమ్మిదో అధ్యాయంలో తమ్ముడు కాయ తోలుకొస్తాడు, చీటీని అన్న చేత చదివించుకోకుండా పక్కనున్న కూలి కుర్రవాడికి ఇచ్చి చదవమంటాడు. అక్కడ ఎవరూ ఏమీ వివరించకూడదు. పద్నాలుగో అధ్యాయంలో, ఒక ముసలి రైతుకు బరువు తగ్గించి చదవమని మండీ యజమాని మునిరత్నాన్ని ఆదేశిస్తాడు. వరండా దృశ్యం రావలసింది అప్పుడు. ఆ జ్ఞాపకం అప్పటి నిర్ణయాన్ని కష్టతరం చేస్తుంది కనుక దానికి పేజీన్నర ఇచ్చినా కథ ఆగదు. బోర్ల లెక్కలు, అప్పు మొత్తం బహుశా నోటుపుస్తకంలోనే ఉండిపోతాయి, ఉండిపోనివ్వండి.

సంభాషణలోకి గతాన్ని ఎక్కించేటప్పుడు ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. తమ్ముడు వచ్చి "2003లో నువ్వు నాయనకి తప్పుగా చదివి మన తోట అమ్మేసినావు కదన్నా" అంటే, ఆ మాట అన్నకు చెప్పినది కాదు, పాఠకుడికి చెప్పినది. వినేవాడికి ముందే తెలిసిన సంగతిని మాట్లాడేవాడు పూర్తి వాక్యంలో చెబుతున్నాడంటే అనుమానించాలి. ఇద్దరికీ తెలిసిన గాయాన్ని మనుషులు ముక్కలుగానే తాకుతారు: "నువ్వు సదవద్దులే. నీ సదువు మాకు తెలుసు."

మొదటి అధ్యాయం చిత్తుప్రతి పూర్తయ్యాక పెన్సిలుతో ఒక పరీక్ష చేయవచ్చు. తెలుగులో గతం సాధారణంగా "ఉండేవాడు", "చేసేది", "అప్పట్లో", "ఆ రోజుల్లో" వంటి రూపాలతో బయటపడుతుంది. వాటి కింద గీతలు గీస్తూ వెళ్లి, వరుసగా మూడు వాక్యాలకు గీత పడిన చోట ఆగండి. చాలా వరకు అక్కడ కాటా దగ్గరి బండి కదలడం మానేసి ఉంటుంది. ఆ మూడింటిలో ఒకటి ఉంచి రెండు తీసివేసినా మండీలో జరిగేది అర్థమవుతుందంటే, ఆ రెండూ నోటుపుస్తకానికి తిరిగి వెళ్లవలసినవే. పద్నాలుగో అధ్యాయంలో నియమం వేరు: వరండాలోకి ప్రవేశించడానికి అలాంటి వాక్యం ఒకటి చాలు, ఆ తరువాత "చదివాడు", "వేశాడు" అని మామూలు భూతకాలంలో రాస్తే ఆ దృశ్యం కళ్లముందు జరుగుతున్నట్టే ఉంటుంది.

అతిగా దాచడం కూడా తప్పే, ముఖ్యంగా కథను మునిరత్నమే "నేను" అని చెబుతున్నప్పుడు. రోజూ తనను పొడిచే సంగతిని కథకుడు పద్నాలుగు అధ్యాయాల పాటు తలచుకోకపోతే పాఠకుడు మోసపోయినట్టు భావిస్తాడు. అలాంటి నవలలో వరండాను, కాగితాన్ని, తండ్రి బొటనవేలికి అంటిన సిరాను ముందునుంచే కనిపించనిచ్చి, ఏమి చదివాడన్న ఒక్క సంగతిని మాత్రమే ఆపాలి. దాన్ని కూడా అతను తనకు తాను చెప్పుకోలేక తప్పించుకుంటున్నట్టు తెలియాలి.

ఎక్కువ దాచారో, ఎక్కువ చెప్పారో తెలుసుకోవడానికి మొదటి అధ్యాయాన్ని కథ తెలియని ఒకరికి ఇచ్చి, చదివాక మనసులో మిగిలిన ప్రశ్నలు మాత్రం రాయమనండి. "ఇతను రెండుసార్లు ఎందుకు చదువుతాడు?" అని రాస్తే రెండో అధ్యాయానికి వెళ్లవచ్చు. "ఇది ఎక్కడ? ఈ చీటీ ఏమిటి?" అని రాస్తే కొరవడింది గతం కాదు, కళ్లముందరి మండీ. అప్పుడు కాటాను, ట్రాక్టర్ల వరుసను మరికొంచెం చూపించాలి. ప్రశ్నలేవీ లేవని కాగితం ఖాళీగా తిరిగి ఇస్తే, గీతలు గీసిన ఆ చిత్తుప్రతిని మళ్లీ బయటికి తీయండి.