పెద్ద సంఖ్యలు, చిన్న సంఖ్యలు చదవడం – 3వ పాఠం: వరద నీరు, అందులోని ఒండ్రు

పోయిన పాఠంలో పది ఘాతాల వరస చూశాం. 10³ వెయ్యి, 10⁵ లక్ష, 10⁷ కోటి. చివర్లో ఒక ప్రశ్న ఇచ్చాను: ఒక టీఎంసీ అంటే ఎన్ని ఘనపుటడుగులు? టీఎంసీ అంటే థౌజండ్ మిలియన్ ఘనపుటడుగులు, అంటే 10³ × 10⁶ = 10⁹. మన లెక్కలో వంద కోట్లు. ఈ జవాబుతో ఇవాళ పని ఉంది, గుర్తుపెట్టుకోండి.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పుడు కిందికి వదిలే నీరు సుమారు 17 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. ఈ 17,00,000ను ప్రామాణిక రూపంలో రాద్దాం. దశాంశ బిందువు చివరి సున్నా తర్వాత ఉందనుకుని, దాని ముందు ఒక్క అంకె మిగిలేదాకా ఎడమకు జరపండి. ఆరు స్థానాలు జరిగింది. కాబట్టి 1.7 × 10⁶.

ఇక్కడే చాలామంది తడబడతారు. 17,00,000లో సున్నాలు ఐదే, ఘాతాంకం మాత్రం ఆరు. ఘాతాంకం సున్నాల లెక్క కాదు, బిందువు ఎన్ని స్థానాలు జరిగిందో చెప్పే లెక్క. సున్నాలు లెక్కపెట్టి 1.7 × 10⁵ అని రాస్తే లక్షా డెబ్భై వేలు అవుతుంది, వరద పదో వంతుకు పడిపోతుంది.

ఇలాంటి సంఖ్య కనబడగానే ముందు ఘాతాంకం వైపు చూడండి. ఎడమ వైపున్న 1.7 తర్వాతి మాట. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు సాగు రోజుల్లో వదిలే నీరు మొత్తం కలిపి 1.2 × 10⁴ క్యూసెక్కులు అనుకుందాం. వరద ఘాతాంకం 6, కాలువల ఘాతాంకం 4. తేడా 2 కాబట్టి వరద సుమారు వంద రెట్లు. 1.7ను 1.2తో భాగిస్తే వచ్చే 1.4ను కూడా కలుపుకుంటే 140 రెట్లు. ఘాతాంకాలు వేరుగా ఉంటే పెద్దదేదో అవే తేలుస్తాయి. అందుకే 9 × 10⁵ కన్నా 2 × 10⁶ పెద్దది. ఎదురుగా 9 కనబడుతున్నా సరే. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరింది, అంటే 3.5 × 10⁶. మూడో హెచ్చరిక ఘాతాంకమూ ఆరే. అలా ఘాతాంకాలు సమానమైనప్పుడే ఎడమ వైపు చూడాలి. 1.7 ఎక్కడ, 3.5 ఎక్కడ!

ఇప్పుడు ఒక లెక్క మొత్తం చేద్దాం. 17 లక్షల క్యూసెక్కులు ఒక రోజంతా పారితే సముద్రంలోకి పోయే నీరెంత? రోజుకు 86,400 సెకన్లు, అంటే 8.64 × 10⁴.

1.7 × 10⁶ × 8.64 × 10⁴

ఎడమ వైపు సంఖ్యలను గుణిస్తే 14.7 (ఖచ్చితంగా 14.688). ఘాతాంకాలను కూడితే 10. వచ్చింది 14.7 × 10¹⁰. విలువ సరైనదే, కానీ బిందువు ముందు రెండు అంకెలున్నాయి. బిందువును ఒక స్థానం ఎడమకు జరిపితే 14.7 కాస్తా 1.47 అయి, పదో వంతుకు తగ్గింది. ఆ తగ్గిన పది రెట్లను ఘాతాంకానికి ఇవ్వాలి. 1.47 × 10¹¹ ఘనపుటడుగులు. ఇక్కడ ఒకటి కలపాల్సింది పోయి తీసేసేవాళ్లు ఎక్కువ. ఒక వైపు తగ్గితే రెండో వైపు పెరగాలి, విలువ మారకూడదు.

టీఎంసీల్లోకి మార్చడానికి 10⁹తో భాగించాలి, అంటే 11 లోంచి 9 తీసేయాలి. 1.47 × 10² = 147 టీఎంసీలు. సరిచూసుకోవడం తేలిక. లక్ష క్యూసెక్కులు ఒక రోజు పారితే 8.64 టీఎంసీలు. దాన్ని 17తో గుణిస్తే మళ్లీ 147 దగ్గరికే వస్తాం. మీకు 14.7 గానీ 1,470 గానీ వస్తే ఘాతాంకంలో ఒకటి తేడా వచ్చిందన్నమాట.

ఇదే లెక్క కంప్యూటర్లో చేస్తే 1.47E+11 అని కనబడవచ్చు. E తర్వాతిది పది మీద ఘాతాంకం. కొన్ని పాత కాలిక్యులేటర్లు 1.47 రాసి, పక్కన పైన చిన్నగా 11 మాత్రమే చూపిస్తాయి. దాన్ని 1.47ను పదకొండు సార్లు గుణించడం అనుకుంటే వచ్చేది దాదాపు 69. ఒక రోజు వరద 69 ఘనపుటడుగులా?

ఇక చిన్న సంఖ్యలు. వరద నీరు ఎర్రగా ఉండేది అందులోని ఒండ్రు వల్ల. బంకమట్టి రేణువు వ్యాసం రెండు మైక్రాన్లు, అంతకన్నా తక్కువ. రెండు మైక్రాన్లంటే 0.000002 మీటరు. ఈసారి బిందువు కుడికి జరగాలి. 2 దాటేదాకా ఆరు స్థానాలు. కుడికి జరిగితే ఘాతాంకానికి రుణ గుర్తు: 2 × 10⁻⁶ మీటరు. ఆ గుర్తు సంఖ్య సున్నా కన్నా తక్కువని చెప్పదు. 10⁻⁶ అంటే పది లక్షల్లో ఒక వంతు, అంతే. కాస్త ముతకైన ఒండ్రు రేణువు 2 × 10⁻⁵ మీటరు ఉందనుకోండి. −5, −6 కన్నా పెద్దది కాబట్టి ఇది బంకమట్టి రేణువుకు పది రెట్లు.

ఈ ఒక్క మెట్టు తేడా ఎంత పని చేస్తుందో చూడండి. కదలని నీటిలో ఇలాంటి సన్నని రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం పది రెట్లు తగ్గితే వేగం వంద రెట్లు తగ్గుతుంది, అంటే వేగం ఘాతాంకం ఒకటి కాదు, రెండు మెట్లు దిగుతుంది. ముతక రేణువు సెకనుకు సుమారు 3.6 × 10⁻⁴ మీటర్లు దిగితే, బంకమట్టి 3.6 × 10⁻⁶ మీటర్లు. మీటరు లోతు తొట్టిలో అడుగుకు చేరడానికి మొదటిదానికి 1 ÷ (3.6 × 10⁻⁴), అంటే 2.8 × 10³ సెకన్లు. ముప్పావు గంట పైన కొంచెం. రెండోదానికి 2.8 × 10⁵ సెకన్లు. దీన్ని 8.64 × 10⁴తో భాగిస్తే 0.32 × 10¹, అంటే మూడు రోజుల పైమాటే. తొట్టి నీళ్లు గంటలో కొంత తేరుకున్నా, పైన మసక రోజుల తరబడి వదలకపోవడానికి ఇదే కారణం. పటిక కలిపితే సన్న రేణువులు ఒకదానికొకటి అంటుకుని గుత్తులవుతాయి, పరిమాణం పెరిగి త్వరగా దిగుతాయి. గుత్తి మధ్యలో నీరుంటుంది కాబట్టి దాని వేగాన్ని ఈ లెక్కతో ఖచ్చితంగా పట్టలేం.

ఇంటి దగ్గర చేయాల్సినవి రెండు. 1986 నాటి 3.5 × 10⁶ క్యూసెక్కుల ప్రవాహం ఒక గంట పారితే ఎన్ని టీఎంసీలు? గంటకు 3.6 × 10³ సెకన్లు. రెండోది: 2 × 10⁻⁷ మీటర్ల రేణువు అదే తొట్టి అడుగుకు చేరడానికి లెక్క ప్రకారం ఎన్ని రోజులు? నిజంగా అయితే అంత సన్న రేణువును నీటి అణువుల తాకిడే అటూ ఇటూ నెడుతూ దిగనివ్వదు, కాబట్టి ఇక్కడ అడిగింది ఘాతాంకాల లెక్క వరకే. జవాబులు నాలుగో పాఠంలో. ఘాతాంకాలు వేరుగా ఉన్న రెండు సంఖ్యలను కూడటం కూడా అందులోనే.