కుదించమని చెప్పేటప్పుడు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

600 మాటల వ్యాసాన్ని 200 మాటల కరపత్రం చేయాలి. రాసిన వారికి ఎడిటర్ పంపే సూచన చాలాసార్లు ఒక్క ముక్కే: "ఇంకాస్త టైట్ చేయండి." రాసిన వారు తమకు తోచింది కోస్తారు, ఎడిటర్‌కు కావాల్సిందే ఎగిరిపోతుంది. "అది ఎందుకు తీశారు?" "మీరేగా తగ్గించమన్నారు." ఇలా ఐదారు విడతలు తిరిగి చివరికి ఎడిటరే కూర్చుని రాసుకుంటారు. తప్పు కోసినవారిది కాదు, ఏం కోయాలో చెప్పనివారిది.

ఇక్కడ ఉదాహరణకు వడదెబ్బ మీద ఏడు పేరాల వ్యాసం తీసుకుందాం. ఊళ్లో పంచే కరపత్రం కోసం ఏ5 కాగితానికి ఒక వైపు పట్టేలా కుదించాలి. ఇలాంటి పనిలో ఒక్క మాట తప్పుగా పోయినా చదివినవారు తప్పు పని చేస్తారు కాబట్టి, సూచన ఎంత కచ్చితంగా ఉండాలో దీనిలో బాగా తెలుస్తుంది.

ముందు చేసుకోవాల్సినవి

మొదటి ప్రతిలో పేరాలకు 1 నుంచి 7 వరకు నంబర్లు వేయండి. ఆ నంబర్లు చివరిదాకా మారకూడదు. 3వ పేరా పోయినా 4వ పేరా 4గానే ఉండాలి. మార్చారంటే రెండో విడతలో మీరు ఒక పేరా గురించి చెబితే వారు ఇంకో పేరా కోస్తారు. ప్రతి విడతను వేరే ఫైలుగా దాచండి. వర్డ్‌లో ట్రాక్ చేంజెస్ ఉన్నా సరే, పాత ఫైలు ఉండాల్సిందే. రంగురంగుల గీతల మధ్య ఏం పోయిందో మూడో విడతకు ఎవరికీ కనిపించదు.

కొలత మాటల్లో కాక పంక్తుల్లో చెప్పండి. తెలుగులో మాటల లెక్క మోసం చేస్తుంది. "చేయ వలసి ఉంటుంది" మూడు మాటలు, "చేయవలసివుంటుంది" ఒక్క మాట. కాగితం మీద చోటు మాత్రం తగ్గలేదు. అదే "చేయాలి" అంటే నిజంగా తగ్గినట్టు. మాటల లక్ష్యం ఇస్తే అతికించి ఇచ్చే వారు ఎప్పుడూ ఉంటారు.

విడతల వరస

మూడు విడతలు చాలు. మొదటి విడతలో పేరాలు, రెండో విడతలో వాక్యాలు, మూడో విడతలో మాటలు. ఈ వరస తిరగేయకూడదు. రేపు మొత్తంగా ఎగిరిపోయే పేరాలో ఇవాళ విశేషణాలు ఏరించడం రాసిన వారి సమయాన్ని తగలేయడమే. విడతకు మూడు సూచనలు మించితే ఏది ముఖ్యమో తెలియదు. నాలుగోది గుర్తొస్తే తర్వాతి విడతకు ఉంచుకోండి.

మొదటి విడత సులువు. 1వ పేరా "ఈ ఏడాది ఎండలు మండిపోతున్నాయి" అనే ముందుమాట, 7వ పేరా "అందరం జాగ్రత్తగా ఉందాం" అనే విన్నపం. రెండూ తీసేయమనండి. 6వ పేరాలో మజ్జిగ, కొబ్బరినీళ్ల గురించి ఉన్నదాన్ని ఒక్క వాక్యం చేసి 5వ పేరా చివర పెట్టమనండి. అంతే, ఇంకేమీ చెప్పొద్దు.

సూచన ఎలా రాయాలి: తేడా కొట్టేది ఇక్కడే

ఒక సూచనలో మూడు ముక్కలుండాలి. ఎక్కడ, ఏం చేయాలి, దేన్ని ముట్టుకోకూడదు. మొదటి రెండూ చాలామంది రాస్తారు. మూడోది ఎవరూ రాయరు. ప్రమాదం అక్కడే ఉంది.

మన వ్యాసంలో 4వ పేరా ఇది:

"మండుతున్న ఎండలో పనిచేసే వారు ఒక్కసారిగా కుప్పకూలిపోతే ఏమాత్రం ఆలస్యం చేయకుండా దగ్గరలో ఉన్న నీడకు తీసుకెళ్లి, ఒంటిమీద ఉన్న బిగుతు దుస్తులు వదులు చేసి, తడిపిన గుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ గట్టిగా విసరాలి. స్పృహలో ఉంటేనే కొద్దికొద్దిగా నీళ్లు తాగించాలి. ఆ తర్వాత 108కి ఫోన్ చేయాలి."

35 మాటలు. దీనికి "విశేషణాలు తీసేయండి" అని మాత్రమే రాసి పంపారనుకోండి. తిరిగి వచ్చేది ఇలా ఉంటుంది:

"ఎండలో పనిచేసే వారు కుప్పకూలితే నీడకు తీసుకెళ్లి, దుస్తులు వదులు చేసి, గుడ్డతో తుడుస్తూ విసరాలి. నీళ్లు తాగించాలి. 108కి ఫోన్ చేయాలి."

17 మాటలకు దిగింది, చూడ్డానికి శుభ్రంగా ఉంది. కానీ "తడిపిన" పోయింది. పొడిగుడ్డతో తుడిస్తే ఒళ్లు చల్లబడదు. ఒంటి మీది తడి గాలికి ఆరుతూ వేడిని లాగేయాలి, విసరమనేది అందుకే. అంతకన్నా ఘోరం "స్పృహలో ఉంటేనే" పోవడం. స్పృహలేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. విశేషణాలు తీయమంటే రాసిన వారు వ్యాకరణం పుస్తకం తెరవరు. అలంకారంగా కనిపించిందల్లా తీసేస్తారు, చేయి తిరిగాక షరతులు కూడా అందులో కొట్టుకుపోతాయి. "స్పృహలో ఉంటేనే" అసలు విశేషణమే కాదని తర్వాత వాదించుకుని లాభం లేదు.

అందుకే సూచనలో వ్యాకరణం పేర్లు వాడకండి. తీయాల్సిన మాటలనే కొటేషన్లలో పెట్టి ఇవ్వండి. ఒక మాట ఉండాలా పోవాలా అన్నదానికి పరీక్ష ఒకటే: ఆ మాట తీసేస్తే చదివినవారి చేతులు వేరే పని చేస్తాయా? "మండుతున్న" తీస్తే చేయవు, పోనివ్వండి. "తడిపిన" తీస్తే చేస్తాయి, ఉంచండి. సరైన సూచన ఇలా ఉంటుంది:

"4వ పేరా: 'మండుతున్న', 'ఒక్కసారిగా', 'ఏమాత్రం ఆలస్యం చేయకుండా', 'దగ్గరలో ఉన్న', 'ఒంటిమీద ఉన్న', 'బిగుతు', 'గట్టిగా' తీసేయండి. 'తడిపిన', 'ఒళ్లంతా', 'స్పృహలో ఉంటేనే', 'కొద్దికొద్దిగా' ముట్టుకోవద్దు."

ఇంత రాసే బదులు మేమే దిద్దేసుకోవచ్చు కదా అంటారు కొందరు డెస్క్‌వాళ్లు. దిద్దుకోవచ్చు, ఆ వ్యాసానికి. తర్వాతి వ్యాసం కూడా అలాగే ఉబ్బి వస్తుంది.

ఇదే జాగ్రత్త 5వ పేరాకూ కావాలి. ఇంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపాలని అక్కడ ఉంది. "అంచుకు సమంగా గీసిన" అని టీస్పూనుకు ముందు ఒక విశేషణం ఉంది. చూడ్డానికి అనవసరంగా కనిపిస్తుంది. అది పోతే శిఖరంలా తీసిన స్పూనుతో పోస్తారు, ఉప్పు ఎక్కువైపోతుంది. ముట్టుకోవద్దనే జాబితాలో మొదట ఉండాల్సింది అదే.

ఉదాహరణలు ఉంచమన్నప్పుడు

"ఉదాహరణలు ఉంచండి" అన్న సూచనతో అసలు పొడవు తగ్గదు. ఏ ఉదాహరణ, ఎంత పొడవులో అన్నది చెప్పాలి. 2వ పేరాలో రెండున్నాయి. ఒకటి ఇటుక బట్టీ దగ్గర పడిపోయిన కూలీ, రెండోది రేకుల ఇంట్లో మధ్యాహ్నం ఒంటరిగా ఉన్న ముసలమ్మ. ఎండలో పనిచేస్తే వడదెబ్బ తగులుతుందని అందరికీ తెలుసు, కాబట్టి కూలీ ఉదాహరణ కొత్తగా ఏమీ చెప్పదు. ఇంట్లో నీడపట్టున ఉన్నా వడదెబ్బ తగలొచ్చని ముసలమ్మ ఉదాహరణ ఒక్కటే చెబుతోంది. వ్యాసంలో ఇంకెక్కడా లేని విషయాన్ని మోసేదాన్నే ఉంచాలి.

"2వ పేరా: రేకుల ఇంటి ముసలమ్మ ఉదాహరణ రెండు వాక్యాల్లో ఉంచండి. ఇటుక బట్టీది పూర్తిగా తీసేయండి." దీంతో ఇంకో మార్పు కూడా అవసరమవుతుంది. 4వ పేరా మొదట్లో "ఎండలో పనిచేసే వారు" అన్నది కూడా ఇప్పుడు తప్పవుతుంది. అక్కడ "ఎవరైనా" అని మార్చమని అదే విడతలో చెప్పండి. ఒక సూచన ఇచ్చినప్పుడు అది వేరే పేరాలో దేన్ని కదిలిస్తుందో మీరే చూసుకోవాలి.

పేరాను జాబితా చేయమన్నప్పుడు

జాబితా అంటే పొట్టిది అనే నమ్మకం ఒకటి ఉంది. తెలుగులో అది తరచుగా తప్పు. "తీసుకెళ్లి, వదులు చేసి, తుడుస్తూ" అని ఒకే క్రియతో ముగిసే వాక్యాన్ని విడగొడితే ప్రతి అంశానికీ ఒక "చేయండి" వచ్చి చేరుతుంది. పంక్తులు పెరుగుతాయి కూడా. జాబితా చేయాల్సింది చోటు కోసం కాదు, కంగారులో ఉన్న మనిషి ఒక్కో పని చూసి చేసుకోవడానికి. ఓఆర్ఎస్ పేరాకు అది అక్కర్లేదు, 4వ పేరాకు కావాలి.

చెప్పాల్సినవి మూడు: ఎన్ని అంశాలు, ఏ వరస, షరతు ఎక్కడ. వరస చెప్పకపోతే పేరాలో ఉన్న వరసే జాబితాలోకి దిగుతుంది. మన పేరాలో 108 చివర్లో ఉంది. నంబరు వేసిన జాబితాలో చివర పెడితే అన్నీ అయ్యాక ఫోన్ చేయాలని చదువుకుంటారు. షరతును విడిగా ఒక అంశం చేయనివ్వకండి, పక్క పంక్తిలో ఉన్న షరతును ఎవరూ కలిపి చదవరు. "చేయాల్సినవి" అనే శీర్షిక కింద "చేయకూడదు" అంశం దూరకుండా కూడా చూడండి. తెలుగులో వద్దన్నది క్రియ చివర ఉంటుంది, తొందరలో కన్ను అక్కడిదాకా పోదు.

"4వ పేరా: నాలుగు అంశాల నంబర్ల జాబితా. 108 మొదట. 'స్పృహలో ఉంటేనే' నీళ్ల అంశంలోనే, మొదటి మాటగా ఉండాలి." మాటల సూచన కూడా పడ్డాక వచ్చేది:

ఎవరైనా కుప్పకూలితే
1. 108కి ఫోన్ చేయండి.
2. నీడకు చేర్చి దుస్తులు వదులు చేయండి.
3. తడిపిన గుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసరండి.
4. స్పృహలో ఉంటేనే నీళ్లు కొద్దికొద్దిగా తాగించండి.

20 మాటలు. ప్రమాదకరమైన ప్రతి కన్నా మూడే ఎక్కువ.

వచ్చింది చూసుకోవడం

ప్రతి విడత తర్వాత కొత్త ప్రతిని మొదటినుంచి చదివి బాగుందో లేదో చూడటం పనికిరాదు. పొట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగానే అనిపిస్తుంది. పాత ప్రతిలో అంకెలన్నిటికీ, "ఉంటేనే", "లేకపోతే", "కూడదు", "వద్దు" లాంటి మాటలకూ సున్నాలు చుట్టండి. కొత్త ప్రతిలో అవన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా టిక్కు పెట్టండి. ఒకటి తగ్గితే అది మీరు తీయమన్నదేనా చూడండి. మీరు అడగనిది పోయిందంటే తర్వాతి విడతకు మొదటి సూచన దాన్ని వెనక్కి తెమ్మనడమే.

మూడో విడత అయ్యాక కూడా కాగితంలో పట్టకుండా నాలుగైదు పంక్తులు మిగిలిపోతే మాటలు ఏరుతూ నాలుగో విడత పెట్టకండి. అప్పటికి ఉన్న మాటలన్నీ పనిచేస్తున్నవే. 5వ పేరా చివర చేర్చిన మజ్జిగ వాక్యం తీసేయమనండి, లేదా ముసలమ్మ రెండు వాక్యాలను ఒకటి చేయమనండి. అదీ చాలకపోతే అక్షరాల సైజు మాత్రం తగ్గించనివ్వకండి, రేకుల ఇంటి ముసలమ్మ కూడా ఈ కాగితం చదవాలి. వెనక వైపు కూడా అచ్చు వేయమనండి.