కాశీ, పూరీ, గయ ఒకే టికెట్‌పై: సర్క్యులర్ జర్నీ టికెట్ దరఖాస్తు విధానం, లాభనష్టాల లెక్క

గోదావరి జిల్లాల నుంచి కాశీయాత్రకు వెళ్లేవాళ్లు వెళ్లిన దారినే వెనక్కి రావడం తక్కువ. పూరీ, కలకత్తా, గయ మీదుగా కాశీ చేరి, ప్రయాగలో మునిగి, నాగపూర్, వరంగల్ వైపు నుంచి ఇంటికి వస్తారు. ఇలా చుట్టి వచ్చేవాళ్ల కోసం రైల్వేలో సర్క్యులర్ జర్నీ టికెట్ అని ఒకటుంది. బయలుదేరిన స్టేషన్‌కే తిరిగి వచ్చే ప్రయాణమై ఉండాలి, దారిలో ఎనిమిది చోట్ల వరకు దిగి ఆగొచ్చు. ఇది ఐఆర్‌సీటీసీలో దొరకదు, కాగితం పెట్టుకుని కౌంటర్‌లో తీసుకోవాల్సిందే. విదేశాల్లో ఉన్న పిల్లలు అప్పుడప్పుడు ఇండ్‌రైల్ పాస్ గురించి అడుగుతుంటారు. అది విదేశీయులకు, ప్రవాసులకు ఇచ్చేది, ఇప్పుడు అమ్మడం లేదు.

ముందు చార్జీ ఎలా కడతారో తెలియాలి. కొనాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది. రైలు చార్జీ దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు తగ్గుతూ పోతుంది. దీన్నే టెలిస్కోపిక్ రేటు అంటారు. స్లీపర్‌లో 200 కిలోమీటర్లకు ఇచ్చేదానికి 1,850 కిలోమీటర్లకు తొమ్మిది రెట్లు ఇవ్వం, దాదాపు ఐదున్నర రెట్లే ఇస్తాం. మజిలీ మజిలీకి విడి టికెట్ కొంటే ప్రతిసారీ ఆ ఖరీదైన మొదటి కిలోమీటర్ల దగ్గర్నుంచే లెక్క మొదలవుతుంది. సర్క్యులర్ టికెట్‌కు మాత్రం మొత్తం దూరాన్ని సగం చేసి, ఆ సగం దూరానికి అయ్యే చార్జీని రెండుతో గుణిస్తారు. రిజర్వేషన్ రుసుము, సూపర్‌ఫాస్ట్ చార్జీ ఇందులో కలవవు. అవి ఎక్కే ప్రతి రైలుకూ విడిగా కట్టాలి, స్లీపర్‌లో రూ.20, సూపర్‌ఫాస్ట్ అయితే ఇంకో రూ.30.

రాజమండ్రి నుంచి స్లీపర్‌లో ఒకరి లెక్క వేసి చూద్దాం. దూరాలూ చార్జీలూ గుండ్రంగా తీసుకున్న అంచనాలు, మీరు వేసుకునేటప్పుడు ఆనాటి చార్జీలు పెట్టుకోండి. పూరీకి 670 కిలోమీటర్లు, రూ.350. పూరీ నుంచి హౌరా 500, రూ.280. హౌరా నుంచి గయ 460, రూ.265. గయ నుంచి వారణాసి 220, రూ.140. వారణాసి నుంచి ప్రయాగ్‌రాజ్ 130 కిలోమీటర్లే అయినా స్లీపర్‌లో కనీసం 200 కిలోమీటర్లకు కట్టాలి, అందుకని రూ.130. ప్రయాగ్‌రాజ్ నుంచి నాగపూర్ 910, రూ.435. అక్కడి నుంచి రాజమండ్రి 800, రూ.395. విడివిడిగా కొంటే మొత్తం రూ.1,995. ఇదే సర్క్యులర్‌లో అయితే మొత్తం దూరం 3,690, సగం 1,845, దానికి రూ.710, రెండింతలు రూ.1,420. మనిషికి ఐదు వందల డెబ్బై అయిదు మిగిలాయి.

సగం దూరానికి చార్జీ ఎంతో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. మీ సగం దూరానికి దగ్గరగా ఉండే ఏదైనా రైలు ప్రయాణం చూసి, ఆ టికెట్ ధరలోంచి రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ రుసుములు తీసేయండి. అయిదు పది రూపాయల తేడాలో అంకె వచ్చేస్తుంది. థర్డ్ ఏసీ అయితే వందే భారత్, రాజధాని ధరలు చూడొద్దు. వాటి చార్జీల పద్ధతే వేరు, ఈ టికెట్‌తో చేసే ప్రయాణంలోనూ వాటిని పెట్టుకోకండి.

ఈ టికెట్ ఎవరికి దండగో కూడా ఈ లెక్కే చెబుతుంది. రాజమండ్రి నుంచి నేరుగా కాశీ, కాశీ నుంచి నేరుగా రాజమండ్రి అనుకునేవాళ్లకు పైసా మిగలదు, ఎందుకంటే వాళ్ల రెండు టికెట్లే రెండు సగాలు. దారిలో ఒక్కచోట ఆగితే చాలనుకుంటే మామూలు టికెట్‌కే బ్రేక్ జర్నీ ఉంది. 500 కిలోమీటర్లు దాటిన టికెట్ మీద, మొదటి 500 కిలోమీటర్లు అయ్యాక ఒకచోట దిగి రెండు రోజులు ఉండొచ్చు. వెయ్యి దాటితే రెండు చోట్ల. దిగే ఊరు కౌంటర్‌లో టికెట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. ఇక గయ–వారణాసి, వారణాసి–ప్రయాగ లాంటి పొట్టి మజిలీలు జనరల్‌లోనో బస్సులోనో వెళ్లిపోయే అలవాటున్నవాళ్లు ఆ తక్కువ ధరనే లెక్కలో పెట్టుకోవాలి, మిగులు చాలావరకు కరిగిపోతుంది. మజిలీలు అయిదారు ఉండి, అన్నీ ఒకే క్లాసులో, ఒక్కొక్కటి 200 నుంచి 900 కిలోమీటర్ల మధ్య ఉంటే ఈ టికెట్ పని చేసినట్టు. థర్డ్ ఏసీలో చార్జీ స్లీపర్‌కు రెండున్నర రెట్లు ఉంటుంది, కనీస దూరం 300 కిలోమీటర్లు, కాబట్టి మిగిలేదీ ఆ మేరకు పెరుగుతుంది. మా మాట అడిగితే, స్లీపర్‌లో ఒంటరిగా వెళ్లేవాళ్లు ఆఫీసు చుట్టూ తిరిగే ఖర్చు చూసుకుని మానేయడమే మేలు. నలుగురు కలిసి వెళ్తుంటే తిరగండి. పెద్దవాళ్ల రాయితీ వస్తుందని తాతగారు అంటే నమ్మకండి, అది 2020 మార్చిలోనే ఆపేశారు.

ఇక దరఖాస్తు. డెల్టా స్టేషన్లు విజయవాడ డివిజన్‌లోవి, కాబట్టి లేఖ విజయవాడలోని డివిజనల్ కమర్షియల్ మేనేజర్ పేరున రాయాలి. కొన్ని పెద్ద స్టేషన్లలో స్టేషన్ మేనేజరే లెక్క కట్టగలరు. అందుకని విజయవాడ బస్సెక్కే ముందు మీరు బయలుదేరే స్టేషన్‌లో ఒకసారి అడగండి. తెల్ల కాగితం మీద పేరు, చిరునామా, ఫోను, వెళ్లేవాళ్ల పేర్లు, వయసులు, క్లాసు, బయలుదేరే తేదీ రాసి, కింద మజిలీలు వరసగా స్టేషన్ కోడ్‌లతో ఇవ్వండి. ఇలా:

RJY – PURI, విశాఖపట్నం, ఖుర్దా రోడ్ మీదుగా, 2 రోజులు ఆగుతాం
PURI – HWH, ఖుర్దా రోడ్, ఖరగ్‌పూర్ మీదుగా, 1 రోజు
HWH – GAYA, ధన్‌బాద్ మీదుగా, 1 రోజు

ఊరి పేరు మాత్రమే రాస్తే కాగితం వెనక్కి రావడానికి కారణం దొరికినట్టే. ప్రయాగ్‌రాజ్ అంటే PRYJ ఉంది, ఛివ్‌కీ PCOI ఉంది, నాగపూర్ వైపు వచ్చే రైళ్లు చాలావరకు ఛివ్‌కీలో ఆగుతాయి. దిగేది ఒక స్టేషన్, ఎక్కేది ఇంకో స్టేషన్ అయితే రెండూ రాయాలి. మన దగ్గరి చిక్కు భీమవరం. అక్కడ టౌన్ BVRT, జంక్షన్ BVRM అని రెండున్నాయి. టౌన్‌లో ఎక్కి జంక్షన్‌లో దిగితే బయలుదేరిన స్టేషన్‌కు తిరిగి వచ్చినట్టు కాదు. నరసాపురంలో ఎక్కి నిడదవోలులో దిగిపోయే ఆలోచన ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అంతకన్నా రాజమండ్రి నుంచి రాజమండ్రికి తీసుకుని, మొదటి చివరి ముక్కలు విడిగా వెళ్లడమే సులువు. ఖుర్దా రోడ్ నుంచి పూరీ వెళ్లి మళ్లీ ఖుర్దా రోడ్‌కే వచ్చే ముక్క లాంటిది ఏదైనా ఉంటే ‘మీదుగా’ దగ్గర రెండుసార్లూ రాయండి. రాయకపోతే దూరం తక్కువ పడుతుంది, తర్వాత బెర్తు ఇచ్చే గుమాస్తా పట్టుకుంటారు.

ఆఫీసులో దూరం, చార్జీ లెక్కగట్టి నిర్ణీత ఫారం ఇస్తారు లేదా స్టేషన్‌కు పంపుతారు. ఆ ఫారం మీరు బయలుదేరే స్టేషన్ బుకింగ్ ఆఫీసులో చూపించి డబ్బు కడితే టికెట్ చేతికొస్తుంది. గడువు ప్రయాణానికి 400 కిలోమీటర్లకు ఒక రోజు, ఆగడానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున కలుపుతారు. మన 3,690 కిలోమీటర్లకు 10, 19 కలిపి 29 రోజులు. పదిహేను రోజుల యాత్రకు ఇది ధారాళం. టికెట్ మీద రాసిన తేదీ కౌంటర్ దగ్గరే చదువుకోండి.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. సర్క్యులర్ టికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన బెర్తు ఉన్నట్టు కాదు. దాన్ని రిజర్వేషన్ కౌంటర్‌కు తీసుకెళ్లి ప్రతి రైలుకూ విడి ఫారం నింపాలి. మన లెక్కలో ఏడు ఫారాలు, ఒక్కోదానిలో ఆరుగురి పేర్ల వరకు. ప్రతి ఫారం పైన సర్క్యులర్ టికెట్ నంబరు రాయండి, లేకపోతే మళ్లీ పూర్తి చార్జీ వేసే ప్రమాదముంది. ఒకరి వంతుకు ఒక ఫారమే తీసుకోవడం, రానూపోనూ అయితే రెండు తీసుకోవడం కౌంటర్లలో నియమం. కాబట్టి పొద్దున తత్కాల్ రద్దీలో వెళ్లకుండా మధ్యాహ్నం దాటాక వెళ్తే ఏడూ నింపించుకునే వీలు ఉంటుంది.

అసలు కష్టం తేదీలతో వస్తుంది. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. నవంబరు 20న బయలుదేరి డిసెంబరు 5న నాగపూర్‌లో ఎక్కాలంటే, మొదటి రైలుకు సెప్టెంబరు 21నే తలుపు తెరుచుకుంటుంది, చివరి రైలుకు అక్టోబరు 6 దాకా తెరుచుకోదు. అన్నీ ఒకేసారి చేయిద్దామని అక్టోబరు దాకా ఆగితే పూరీ రైలు నిండిపోవచ్చు. అందుకని సెప్టెంబరు మొదటివారానికల్లా లేఖ ఇచ్చి, 21 నాటికి టికెట్ చేతిలో ఉంచుకుని, రెండు మూడు దఫాలుగా బెర్తులు తీసుకోవాలి. కార్తీకంలో, సంక్రాంతికి ముందూ వెనకా అయితే హౌరా–గయ ముక్కకు బెర్తు దొరకడం కష్టం. ముందు దాన్ని చూసి, దొరికిన తేదీ ప్రకారం పూరీలో ఒక రోజు ఎక్కువో తక్కువో చేసుకోండి. ఆగే రోజులు మారినా దారి మారకూడదు. ఆమోదించిన దారి తప్పి వేరే రైలు పట్టాలంటే మళ్లీ ఆఫీసుకే వెళ్లాలి.

రైల్లో టీటీఈకి రెండూ చూపించాలి, సర్క్యులర్ టికెట్టూ, ఆ రైలు బెర్తు కాగితమూ. ఏదైనా మజిలీలో వెయిటింగ్ లిస్టు తేలకపోతే సర్క్యులర్ టికెట్ చూపించి స్లీపర్‌లో కూర్చోవడం కుదరదు. అలాంటప్పుడు ఆ ముక్కకు ముందే ఇంకో రైలు చూసి ఉంచుకోండి. గయ నుంచి వారణాసికి అయితే రైళ్లు చాలానే ఉంటాయి, హౌరాలోనే జాగ్రత్త పడాలి.