నగల షాపుకు మూడు నెలల సోషల్ మీడియా ప్రతిపాదన: ఉత్తరం పంపే ముందు జాగ్రత్తలు

ముందు ఫోటోల లెక్క సరిచూసుకోండి. వారానికి మూడు పోస్టులంటే 13 వారాలకు 39. ఒక్కో నగను విడిగా, దగ్గరగా, వేసుకున్నట్టుగా మూడు రకాలుగా తీస్తే 13 నగలు చాలు. నెలకొక పూట షూటింగ్ అడగండి.

నగలు షాపు గడప దాటవని, సిబ్బంది ఒకరు పక్కనే ఉంటారని, ఇచ్చేటప్పుడూ తిరిగి తీసుకునేటప్పుడూ తూకం రాసుకుంటారని తప్పక రాయండి. యజమాని మొదట ఆలోచించేది దీని గురించే.

పోస్టులో ధర వేస్తామనకండి. బంగారం రేటు రోజూ మారుతుంది. రెండు నెలల కిందటి పోస్టు పట్టుకొచ్చినవాళ్లు ఆ ధరకే ఇమ్మంటారు, గొడవ కౌంటర్ దగ్గర మొదలవుతుంది. బరువు, క్యారెట్ మాత్రం వేసి, యజమాని చూసి సరేనన్నాకే పోస్టు పెడతామనండి. ఆయన జవాబు రెండు రోజుల్లో రాకపోతే ఏం చేస్తారో కూడా రాయండి, లేదంటే పండగ పోస్టు పండగ దాటాక వెళ్తుంది.

మీ ఫీజు, ప్రకటనల ఖర్చు వేర్వేరు వరసల్లో చూపండి. ప్రకటనల డబ్బు షాపు కార్డు నుంచే కట్టాలి, ఖాతా షాపు నంబరు మీదే ఉండాలి.

అమ్మకాలు ఇంత పెరుగుతాయని మాటివ్వకండి. వచ్చిన మెసేజ్‌లు, ఫోన్లు, పోస్టు చూసి షాపుకొచ్చామన్నవాళ్లు ఎందరో నెలనెలా లెక్క ఇస్తామనండి.